గిటార్ గొంతు సాకెట్ దగ్గరే మారిపోతుంది

ఎలక్ట్రిక్ గిటార్‌ని ఇంట్లో రికార్డ్ చేయడానికి ఇప్పుడు యాంప్లిఫయర్ అక్కర్లేదు, దాని ముందు మైక్ పెట్టే పనీ లేదు. ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ఒకటి ఉంటే గిటార్ కేబుల్ దాని ముందువైపు జాక్‌లో పెడతాం, వెనక నుంచి యూఎస్‌బీ తీగ లాప్‌టాప్‌కి వెళ్తుంది. యాంప్ మోత లాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ ఇస్తుంది, మనం హెడ్‌ఫోన్‌లో వింటాం. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్‌వాళ్లు నిద్రపోయాక వాయించుకునేవారికి ఇంతకంటే అనువైన ఏర్పాటు లేదు.

అయితే ఇలా మొదలుపెట్టిన చాలామందికి మొదటి రికార్డింగ్ వినగానే మనసు చివుక్కుమంటుంది. స్వరాలన్నీ ఉన్నాయి, శ్రుతి సరిగానే ఉంది, కానీ ధ్వని మందంగా ఉంది. తీగకి పిక్ తగిలినప్పుడు వినిపించాల్సిన ఆ పదునైన టక్కుమనే శబ్దం లేదు. తీగలు పాతబడ్డాయేమో అని మారుస్తారు, సాఫ్ట్‌వేర్‌లో ట్రెబుల్ నాబ్ చివరిదాకా తిప్పుతారు, గిటారే మంచిది కాదేమో అనుకుంటారు. ముందు చూడాల్సింది మాత్రం ఇంటర్‌ఫేస్ మీద గిటార్ బొమ్మతోనో, ‘ఇన్‌స్ట్’ అనో, ‘హై-జెడ్’ అనో ఉండే చిన్న బటన్. అది నొక్కలేదంటే గిటార్ ధ్వనిలో ఒక భాగం కంప్యూటర్‌దాకా చేరనే లేదు.

ఇప్పటి ఇంటర్‌ఫేస్‌లలో ఎక్కువగా ఉండేది కాంబో జాక్. ఒకే రంధ్రంలో మైక్‌కి వాడే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ పడుతుంది, గిటార్‌కి వాడే పావు అంగుళం ప్లగ్గూ పడుతుంది. బయటికి ఒకటిగా కనిపించినా లోపల మూడు దారులున్నాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ పెడితే సిగ్నల్ మైక్ ప్రీయాంప్‌కి పోతుంది. పావు అంగుళం ప్లగ్ పెడితే మామూలుగా లైన్ ఇన్‌పుట్‌కి పోతుంది, ఇది కీబోర్డుల్లాంటి వాటికోసం. బటన్ నొక్కితేనే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ అవుతుంది. ఈ మూడింటికీ ఉన్న అసలు తేడా ఇన్‌పుట్ ఇంపీడెన్స్. లోపలికి వచ్చే సిగ్నల్ నుంచి ఆ సాకెట్ ఎంత కరెంటు లాగుతుందో చెప్పే లెక్క అది. మైక్ ఇన్‌పుట్‌కి సాధారణంగా ఒకటిన్నర నుంచి మూడు వేల ఓమ్‌లు ఉంటుంది. లైన్ ఇన్‌పుట్‌కి పది వేల నుంచి కొన్ని పదుల వేల ఓమ్‌లు. ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కి పది లక్షల ఓమ్‌లు, అంటే ఒక మెగా ఓమ్, లేదా ఆ దరిదాపుల్లో. సంఖ్య పెరిగేకొద్దీ లాగే కరెంటు తగ్గుతుంది.

కీబోర్డుకి ఇవన్నీ దాదాపు ఒకటే. దాని లోపల సొంత విద్యుత్ సరఫరా ఉంది, అడిగినంత కరెంటు ఇచ్చే సర్క్యూట్ ఉంది. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌లో బ్యాటరీ కూడా ఉండదు. అందులో ఉన్న విద్యుత్తంతా తీగ ఊగడం వల్ల పికప్‌లో పుట్టిందే. ఏటి ఇసుకలో తవ్విన చెలమ లాంటిది అది. చిప్పతో నెమ్మదిగా తోడుకున్నంతసేపూ తేట నీరు ఇస్తుంది, బిందె ముంచితే ఊట అందుకోలేదు. మెగా ఓమ్ ఇన్‌పుట్ చిప్పతో తోడుతుంది, లైన్ ఇన్‌పుట్ బిందె ముంచుతుంది.

పికప్ లోపల ఏముందో చూస్తే ఈ నష్టం ఎక్కడ జరుగుతుందో కూడా తెలుస్తుంది. స్ట్రాటోకాస్టర్ తరహా సింగిల్ కాయిల్ పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ తల వెంట్రుకలాంటి రాగి తీగని ఏడెనిమిది వేల చుట్లు చుట్టిన కాయిల్. మల్టీమీటర్ పెట్టి చూస్తే దాని నిరోధం సుమారు ఆరు వేల ఓమ్‌లు చూపిస్తుంది. చాలామంది ఈ సంఖ్య చూసి, ఆరు వేలకి పది వేల ఓమ్‌ల లైన్ ఇన్‌పుట్ సరిపోతుంది కదా అనుకుంటారు. మీటర్ చూపించేది తీగ నిరోధం మాత్రమే. కాయిల్‌కి ఇండక్టెన్స్ అనే మరో గుణం ఉంది. వేగంగా మారే కరెంటుని అది ఎక్కువగా అడ్డుకుంటుంది. ఇలాంటి పికప్‌కి అది రెండున్నర హెన్రీల దాకా ఉంటుంది. బరువైన మంద్ర స్వరాల దగ్గర ఈ అడ్డంకి దాదాపు లేనట్టే. వెయ్యి హెర్ట్జ్ దగ్గర పదహారు వేల ఓమ్‌లు. పిక్ తగిలిన శబ్దం, తీగ మెరుపు ఉండే నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర అరవై వేల ఓమ్‌లు దాటుతుంది. స్థాయి పెరిగేకొద్దీ పికప్ బలహీనపడుతుందన్న మాట. బరువు వేసే సాకెట్ తగిలితే ముందు పోయేవి ఆ పై స్థాయిలే.

ఈ సర్క్యూట్‌లో కేబుల్ కూడా ఒక భాగం. షీల్డ్ ఉన్న గిటార్ కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. అయిదు మీటర్ల కేబుల్ అంటే 500. పికప్‌కి, లోపలి వైరింగ్‌కి ఇంకో వంద కలిపితే 600. పికప్ ఇండక్టెన్సూ ఈ కెపాసిటెన్సూ కలిసి ఒక చోట రెజొనెన్స్ అవుతాయి, అంటే అక్కడ ధ్వని సహజంగా ఉబుకుతుంది. మన లెక్కలో ఆ చోటు సుమారు 4,100 హెర్ట్జ్. ఎలక్ట్రిక్ గిటార్ గొంతు అని మనం గుర్తుపట్టేది చాలావరకు ఈ ఉబుకునే. కేబుల్ పొడవు పెంచితే అది కిందికి జారుతుంది, తగ్గిస్తే పైకి పోతుంది. అందుకే నా దృష్టిలో గిటార్ ధ్వని గిటార్‌లో పూర్తవదు. కాయిల్, నాబ్‌లు, కేబుల్, అవతలి సాకెట్ నాలుగూ కలిస్తేనే ఆ గొంతు.

ఇప్పుడు ఇదే గిటార్‌ని, ఇదే అయిదు మీటర్ల కేబుల్‌తో వేర్వేరు సాకెట్లలో పెట్టి లెక్క వేద్దాం. గిటార్‌లో వాల్యూమ్, టోన్ నాబ్‌లు రెండూ 250 కిలో ఓమ్‌లవి, రెండూ పూర్తిగా తెరిచి ఉన్నాయి. మెగా ఓమ్ ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌లో పెడితే మంద్ర స్వరాల దగ్గర నష్టం అర డెసిబెల్, ఎవరికీ వినిపించదు. 4,100 హెర్ట్జ్ దగ్గర ఉబుకు మూడు డెసిబెల్స్‌కి కొంచెం పైన, చక్కగా నిలబడి ఉంటుంది. అదే పది వేల ఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌లో పెడితే మంద్ర స్వరాలు నాలుగు డెసిబెల్స్ తగ్గుతాయి. అది పెద్ద నష్టం కాదు, గెయిన్ కొంచెం పెంచితే సరిపోతుంది. కానీ 4,100 హెర్ట్జ్ దగ్గర మూడు డెసిబెల్స్ ఎక్కువగా ఉండాల్సింది పదిహేడు తక్కువైపోతుంది. రెండింటి మధ్య తేడా ఇరవై డెసిబెల్స్, అంటే ఆ చోట సిగ్నల్ పదో వంతే మిగిలింది. ఉబుకు మాయమై, వెయ్యి హెర్ట్జ్ దగ్గర నుంచే జారుడు మొదలవుతుంది. మైక్ ఇన్‌పుట్ అయితే ఇంకా ఘోరం, అయిదు వందల హెర్ట్జ్ దగ్గరే జారుడు మొదలవుతుంది. పావు అంగుళం నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌కి మార్చే చవక కేబుల్ కొని గిటార్‌ని మైక్ సాకెట్‌లో పెట్టేవారికి జరిగేది ఇదే.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో లైన్ ఇన్‌పుట్ అరవై వేల ఓమ్‌ల దాకా ఉంటుంది. అలాంటి చోట నష్టం ఎనిమిది డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది. ధ్వని చచ్చిపోయినట్టు అనిపించదు, కొంచెం మెత్తబడినట్టు ఉంటుంది. బటన్ మర్చిపోయిన సంగతి నెలల తరబడి తెలియకపోవడానికి ఇదొక కారణం. రెండో వైపు, మెగా ఓమ్ కంటే ఇంకా పైకి పోతే లాభం ఉంటుందా అంటే, చాలా తక్కువ. కోటి ఓమ్‌ల ఇన్‌పుట్‌తో అదే లెక్క వేస్తే ఉబుకు ఒక డెసిబెల్ కూడా పెరగదు. ఎందుకంటే అప్పటికే గిటార్‌లోని నాబ్‌లు పికప్ మీద అంతకంటే పెద్ద బరువు వేస్తున్నాయి. ఇంత పెద్ద సంఖ్య ఉందని చెప్పి అమ్మే పెట్టెకి ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు.

పోయిన ట్రెబుల్‌ని ఈక్వలైజర్‌తో తిరిగి తెచ్చుకోవచ్చు కదా అని అడుగుతారు. కొంతవరకు తేవచ్చు. కానీ పదో వంతుకి పడిపోయిన చోట ఇరవై డెసిబెల్స్ పెంచితే ఆ చోట ఉన్న బుస కూడా ఇరవై డెసిబెల్స్ పెరుగుతుంది. పైగా గిటార్ వాల్యూమ్ నాబ్ కొంచెం తిప్పగానే సర్క్యూట్ మారి, ఆ దిద్దుబాటు తప్పిపోతుంది.

మీ ఇంటర్‌ఫేస్ సంగతి తేల్చుకోవడానికి ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. గిటార్ నాబ్‌లు రెండూ పూర్తిగా తెరవండి. వాల్యూమ్ తగ్గించి ఉంటే కేబుల్ కెపాసిటెన్స్ వల్ల ధ్వని దానంతటదే మందంగా ఉంటుంది, ఆ రెండు కారణాలూ కలిసిపోతే తేడా తెలియదు. యాంప్ సాఫ్ట్‌వేర్ ఆపేయండి. బ్రిడ్జ్ పికప్‌తో ఒకే కార్డ్‌ని ఒకే బలంతో బటన్ నొక్కి ఒకసారి, నొక్కకుండా ఒకసారి రికార్డ్ చేయండి. ప్లేబ్యాక్‌లో రెండింటి స్థాయి సమానం చేసి వినండి. ఈ సమానం చేయడం మానొద్దు, గట్టిగా వినిపించేదే బాగుందని చెవి నమ్మేస్తుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీలో రెండు రికార్డింగ్‌లనీ ఒకదాని తరవాత ఒకటి ఎంచుకుని `Plot Spectrum` తెరిస్తే వెయ్యి నుంచి అయిదు వేల హెర్ట్జ్ మధ్య రెండు గీతలకీ ఉన్న తేడా కంటికే కనిపిస్తుంది.

మరి బటన్ లేని ఇంటర్‌ఫేస్ అయితే? లేదా వేదిక మీద గిటార్ నుంచి మిక్సర్ దాకా ముప్ఫై మీటర్లు ఉంటే? ముప్ఫై మీటర్ల గిటార్ కేబుల్ అంటే మూడు వేల పికోఫారడ్‌లు. ఇన్‌పుట్ ఎంత మంచిదైనా ఉబుకు రెండు వేల హెర్ట్జ్ కిందికి జారిపోతుంది. ఈ అవసరాలకి పుట్టింది డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్టె, అందరూ డీఐ బాక్స్ అంటారు. 1960లలో డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో గిటార్లనీ బేస్ గిటార్‌నీ యాంప్ ముందు మైక్ పెట్టకుండా ఇలా నేరుగా రికార్డ్ చేసేవారు. 1968లో బీటిల్స్ ‘రివల్యూషన్’ పాటకి గిటార్లని లండన్ స్టూడియోలో మిక్సింగ్ డెస్క్‌లోకి నేరుగా ఇచ్చి, ప్రీయాంప్‌లని కావాలనే మోయలేనంత పెంచి ఆ కరకు ధ్వని తీశారు. యాంప్ లేని గిటార్ ఇంటి రికార్డింగ్‌తో పుట్టిన రాజీ అనుకోవడం పొరపాటు.

డీఐ బాక్స్‌లు రెండు రకాలు. పాసివ్ రకంలో ఉండేది ట్రాన్స్‌ఫార్మర్, కరెంటు అక్కర్లేదు. చాలావాటిలో చుట్ల నిష్పత్తి పన్నెండుకి ఒకటి. వోల్టేజ్ పన్నెండో వంతుకి తగ్గుతుంది, ఇంపీడెన్స్ మాత్రం పన్నెండు పన్నెండ్ల లెక్కన, అంటే 144 రెట్లు మారుతుంది. అవతలి మైక్ ఇన్‌పుట్ 1,500 ఓమ్‌లు అయితే గిటార్‌కి అది రెండు లక్షల ఓమ్‌ల పైన ఉన్నట్టు కనిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ సొంత నష్టాలు కలిపితే ఆచరణలో ఇంకా తక్కువ. పేరున్న రేడియల్ జేడీఐ లాంటి పెట్టెకి తయారీదారు ఇచ్చే సంఖ్య 140 కిలో ఓమ్‌లు. మన గిటార్‌ని అందులో పెట్టి లెక్క వేస్తే 4,100 దగ్గర ఉబుకు దాదాపు చదునైపోతుంది. చెడ్డ ధ్వనేమీ కాదు, గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. బేస్ గిటార్‌కి, కీబోర్డుకి ఇది హాయిగా సరిపోతుంది. మెరుపు కావాల్సిన సింగిల్ కాయిల్ గిటార్‌కి మాత్రం నేను యాక్టివ్ రకమే మంచిదంటాను.

యాక్టివ్ డీఐలో ట్రాన్సిస్టర్ సర్క్యూట్ ఉంటుంది. దానికి బ్యాటరీ గానీ, ఇంటర్‌ఫేస్ ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ గానీ కావాలి. బీఎస్‌ఎస్ ఏఆర్-133 లాంటి వాటి ఇన్‌పుట్ ఒక మెగా ఓమ్. అయితే యాక్టివ్ అని రాసి ఉన్నవన్నీ మెగా ఓమ్‌వి అనుకోకూడదు, 220 కిలో ఓమ్‌లవీ ఉన్నాయి. కొనేముందు స్పెసిఫికేషన్‌లో ఇన్‌పుట్ ఇంపీడెన్స్ అన్న వరస చదవండి.

రెండు రకాల్లోనూ బయటికి వచ్చేది మైక్ స్థాయి సిగ్నల్. కాబట్టి డీఐ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ ఇంటర్‌ఫేస్‌లోని మైక్ ఇన్‌పుట్‌కే పోవాలి. దాన్ని మళ్లీ పావు అంగుళంగా మార్చి గిటార్ ఇన్‌పుట్‌లో పెడితే డీఐ చేసిన పని సగం వృథా. గిటార్‌కీ డీఐకీ మధ్య కేబుల్ పొట్టిగా ఉంచండి. డీఐ తరవాత మాత్రం బాలెన్స్‌డ్ కేబుల్ ముప్ఫై మీటర్లున్నా ధ్వని మారదు. ఇంటర్‌ఫేస్‌లో మంచి హై-జెడ్ ఇన్‌పుట్ ఉండి, గిటార్ పక్కనే కూర్చుని వాయిస్తుంటే డీఐ బాక్స్ కొనడం అనవసరం.

డబ్బు పెట్టకుండా బయటపడే దారి ఇంకొకటుంది. బాస్ టీయూ-3 లాంటి ట్యూనర్ పెడల్ ఇప్పటికే మీ దగ్గరుంటే, అది ఆఫ్‌లో ఉన్నా లోపల బఫర్ పనిచేస్తూనే ఉంటుంది. దాని ఇన్‌పుట్ ఒక మెగా ఓమ్, అవుట్‌పుట్ వెయ్యి ఓమ్‌లు. గిటార్‌కి కావాల్సిన తేలికైన సాకెట్ పెడల్ దగ్గరే దొరికింది కాబట్టి ఆ తరవాత లైన్ ఇన్‌పుట్ అయినా ఫరవాలేదు, గెయిన్ కొంచెం ఎక్కువ తిప్పాల్సి వస్తుందంతే. బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లున్న గిటార్‌కీ ఇదే వర్తిస్తుంది. ‘ట్రూ బైపాస్’ పెడల్ అయితే ఆఫ్‌లో ఉన్నప్పుడు ఒట్టి తీగే, బఫర్ లేదు.

సరైన సాకెట్ దొరికాక గెయిన్ సంగతి. మీరు ఎంత గట్టిగా వాయించగలరో అంత గట్టిగా అన్ని తీగలూ మీటుతూ, మీటర్‌లో శిఖరాలు మైనస్ పన్నెండు దగ్గర తగిలేలా నాబ్ పెట్టండి. 24 బిట్ రికార్డింగ్‌లో అంతకంటే దగ్గరికి పోయి సాధించేదేమీ లేదు. హంబకర్ పికప్‌లతో కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో గెయిన్ సున్నా దగ్గరున్నా ఎర్ర దీపం వెలుగుతుంది. అప్పుడు పికప్ ఎత్తుని స్క్రూతో కొంచెం కిందికి దించడం మంచిది. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే ధ్వని మందగిస్తుందని ముందే చూశాం. శుభ్రంగా రికార్డయిన ఈ సిగ్నల్ ఒంటరిగా వింటే పలచగా ఉంటుంది, డిస్టార్షన్ కలిపితే కందిరీగల మోత వస్తుంది. గిటార్ యాంప్‌లోని పన్నెండు అంగుళాల స్పీకర్ అయిదు వేల హెర్ట్జ్ పైన ఉన్నదాన్ని చాలావరకు కోసేస్తుంది, ఇక్కడ ఆ స్పీకర్ లేదు. సాఫ్ట్‌వేర్‌లో క్యాబినెట్ భాగం ఆన్‌లో ఉంటే ఆ మోత పోతుంది. ఈ రెండు లోపాలనీ కలిపేసుకోవద్దు. కందిరీగల మోత వస్తోందంటే ఇన్‌పుట్ బాగానే ఉంది, స్పీకర్ భాగం లేదు.

మిగిలింది హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అది మంద్రంగా గుయ్‌మంటుంది. అది ఎక్కడ నుంచి వస్తోందో గిటారే చెప్తుంది. గిటార్ పట్టుకుని కూర్చున్న చోటే నెమ్మదిగా తిరగండి. తిరిగేకొద్దీ మోత పెరిగి తగ్గుతుంటే అది అడాప్టర్లో, ట్రాన్స్‌ఫార్మర్లో పుట్టించే అయస్కాంత క్షేత్రం, సింగిల్ కాయిల్ దాన్ని పట్టుకుంటోంది. వాటికి దూరంగా జరగడమే మందు, డీఐ బాక్స్ ఏమీ చేయలేదు. తీగల మీద చెయ్యి పెట్టగానే మోత తగ్గితే అది మామూలు సంగతే, మన ఒంటి మీద పడే విద్యుత్ మోత ఎర్త్‌లోకి దిగిపోతోంది. చెయ్యి పెడితే మోత పెరిగినా, తీగలు జివ్వుమని తగిలినా అనుమానించాల్సింది లాప్‌టాప్ అడాప్టర్‌ని. రెండు పిన్నుల అడాప్టర్‌కి ఎర్త్ ఉండదు. దాని నుంచి స్వల్పంగా కారే కరెంటు యూఎస్‌బీ తీగ, ఇంటర్‌ఫేస్, గిటార్ బ్రిడ్జ్ మీదుగా తీగలదాకా వస్తుంది. అడాప్టర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత ఆగితే కారణం తేలినట్టే.

ఇలాంటప్పుడు డీఐ మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కమని సలహా ఇస్తుంటారు. గిటార్ ఒకే ఒక పాసివ్ డీఐకి, అక్కడి నుంచి ఇంటర్‌ఫేస్‌కి పోతుంటే ఆ స్విచ్ నొక్కడం వల్ల గిటార్‌కి ఉన్న ఒకే గ్రౌండ్ దారి తెగిపోయి మోత ఇంకా పెరుగుతుంది. డీఐ మీది ‘థ్రూ’ జాక్ నుంచి గిటార్ యాంప్‌కి కూడా కేబుల్ పోతున్నప్పుడు సంగతి వేరు. యాంప్‌కి ఒక ఎర్త్, ఇంటర్‌ఫేస్‌కి ఇంకో ఎర్త్ ఉండి రెండూ కేబుల్ మీదుగా కలిసి చుట్టు తిరుగుతాయి. ఆ చుట్టు తెంపడానికి పెట్టిందే ఆ స్విచ్, అక్కడ అది వెంటనే పనిచేస్తుంది. యాంప్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్ విరగ్గొట్టినా, దానికి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించినా మోత పోవచ్చు. కానీ గిటార్ తీగలు నేరుగా యాంప్ లోహపు ఒంటికి కలిసి ఉంటాయి. లోపల ఎప్పుడైనా షార్ట్ అయితే 230 వోల్టులు వాయించేవారి చేతిలోకే వస్తాయి. ఎర్త్ పిన్ జోలికి ఎవరూ ఎప్పుడూ వెళ్లకూడదు. ముందు ఇంటి సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, లాప్‌టాప్‌కి మూడు పిన్నుల అడాప్టర్ వాడండి.